మార్కుల పట్టికలో ర్యాంకులు: సమాన మొత్తాలు, సబ్జెక్టువారీ పాస్ మార్కులు

ప్రశ్న: పదో తరగతి ప్రీఫైనల్ మార్కులు ఎక్సెల్‌లో వేస్తున్నాను. 42 మంది. మొదటి వరుసలో బడి పేరు, రెండో వరుసలో శీర్షికలు, 3 నుంచి 44 వరకు విద్యార్థులు. C నుంచి H వరకు ఆరు సబ్జెక్టులు, I లో మొత్తం. ర్యాంకుకు `=RANK(I3,I3:I44)`, ఫలితానికి `=IF(MIN(C3:H3)<35,"ఫెయిల్","పాస్")` వేసి కిందికి లాగాను. ఎక్కడ చూసినా ఒకటో ర్యాంకే. చిట్టచివరి పిల్లవాడికీ ఒకటే! లెక్కల్లో తప్పిన అమ్మాయికి కూడా ర్యాంకు పడింది. హిందీ పరీక్ష రాయని అబ్బాయి పాసయ్యాడు, హిందీలో 24 వచ్చిన అమ్మాయి ఫెయిలైంది. ఇద్దరికి 530 సమానంగా వచ్చింది, వాళ్ళనేం చేయాలి?

సమాధానం:

మాస్టారూ, మీ పట్టికలో ఉన్నవి అయిదు వేరు వేరు చిక్కులు. వాటిలో నాలుగింటికి సూత్రం మారిస్తే చాలు. అయిదోది, అంటే 530 సంగతి, సూత్రం తేల్చేది కాదు. అది మీ ప్రధానోపాధ్యాయులు తేల్చాలి. దాని దగ్గరికి చివర వస్తాను.

ముందు మీ పట్టికను ఆరుగురికి కుదించి చూద్దాం. పేర్లు నేను పెట్టినవి. మిగతా 36 మందికీ వీళ్ళందరికంటే తక్కువ మొత్తాలు వచ్చాయనుకోండి.

| వరుస | పేరు | తెలుగు (C) | హిందీ (D) | ఇంగ్లీషు (E) | లెక్కలు (F) | సైన్సు (G) | సోషల్ (H) | మొత్తం (I) |
|---|---|---|---|---|---|---|---|---|
| 3 | అనూష | 92 | 85 | 84 | 91 | 88 | 90 | 530 |
| 4 | భరత్ | 88 | 80 | 82 | 97 | 93 | 90 | 530 |
| 5 | చందన | 95 | 90 | 93 | 32 | 89 | 94 | 493 |
| 6 | దినేష్ | 84 | 72 | 76 | 85 | 83 | 81 | 481 |
| 7 | ఫాతిమా | 70 | 24 | 66 | 78 | 74 | 71 | 383 |
| 8 | గోపి | 81 | AB | 79 | 88 | 86 | 83 | 417 |

ఇన్ని ఒకట్లు ఎందుకు వచ్చాయో మొదట చెబుతాను. మీరు మూడో వరుసలో రాసిన `I3:I44` కిందికి లాగగానే నాలుగో వరుసలో `I4:I45` అయింది, అయిదో వరుసలో `I5:I46` అయింది. అంటే ఒక్కో పిల్లవాడిని తన కింద ఉన్నవాళ్ళతో మాత్రమే పోల్చారు, పైవాళ్ళు పోటీలోంచి తప్పుకున్నారు. దినేష్ కంటే ఎక్కువ తెచ్చుకున్న ముగ్గురూ అతని పైనే ఉన్నారు కాబట్టి అతనికీ ఒకటి పడింది. 44వ వరుసకు చేరేసరికి పరిధి `I44:I85` అవుతుంది. అందులో ఉన్నది ఆ ఒక్క పిల్లవాడే, మిగతావన్నీ ఖాళీ గడులు. ఒంటరిగా పరిగెత్తినవాడికి మొదటి బహుమతి కాక మరేమిస్తారు! వరుస సంఖ్యల ముందు డాలర్ గుర్తు పెట్టి `I$3:I$44` అంటే పరిధి కదలదు. టైపు చేసేటప్పుడు ఆ పరిధి మీద F4 నొక్కినా గుర్తులు పడతాయి.

డాలర్లు పెట్టాక ర్యాంకులు వరుసగా 1, 1, 3, 4, 6, 5 వస్తాయి. చూడడానికి సరిగ్గానే ఉన్నట్టు ఉంటుంది కానీ మూడో ర్యాంకు లెక్కల్లో 32 వచ్చిన చందనది, అయిదో ర్యాంకు హిందీ రాయని గోపిది. అసలు ప్రమాదం ఇలాంటి పట్టికతోనే. చివరివాడికి ఒకటో ర్యాంకు వస్తే ఎవరైనా పట్టుకుంటారు. మూడో ర్యాంకు తప్పిన విద్యార్థికి పోతే నోటీసు బోర్డు మీద పెట్టేదాకా ఎవరూ గమనించరు.

ఇప్పుడు పాస్ మార్కుల సంగతి. 35 అనే అంకెను సూత్రంలోనే పాతేయడం మంచి అలవాటు కాదు. ఆంధ్రప్రదేశ్ పదో తరగతిలో ద్వితీయ భాషగా హిందీకి 20, మిగతా సబ్జెక్టులకు 35 కాబట్టి ఒకే అంకెతో ఎలాగూ కుదరదు. పాస్ మార్కులకు ఒక వరుస కేటాయించండి. అది శీర్షికల కింద కాకుండా పైన ఉండాలి. శీర్షికల కింద పెడితే, రేపు ఎవరో పట్టికను మొత్తాల ప్రకారం అమర్చినప్పుడు పాస్ మార్కుల వరుస కూడా ఒక విద్యార్థిలాగా జారి అడుగుకు పోతుంది. ఆ క్షణం నుంచి మొదటి ర్యాంకు విద్యార్థి మార్కులే అందరికీ పాస్ మార్కులవుతాయి, దాదాపు తరగతంతా ఫెయిల్. నేను దీన్ని కళ్ళారా చూశాను, కంప్యూటర్ పాడైపోయిందని అక్కడున్నవాళ్ళు రెండుసార్లు ఆపి మళ్ళీ వేశారు కూడా.

మీ మొదటి వరుసలో బడి పేరు ఉంది. దాన్ని తీసి ప్రింట్ హెడర్‌లో పెట్టుకోండి. గడులు కలిపి రాసిన పేరు పట్టిక నెత్తిన ఉంటే ఎలాగూ అమరికకు అడ్డమే. ఖాళీ అయిన మొదటి వరుసలో C1 లో 35, D1 లో 20, E1 నుంచి H1 దాకా 35 వేయండి. పట్టికను అమర్చాల్సి వచ్చినప్పుడు రెండో వరుస నుంచి ఎంచుకుని, శీర్షికలు ఉన్నాయన్న గడిలో టిక్ పెట్టండి.

ఇక గోపి ఎలా పాసయ్యాడు? `MIN` అక్షరాలను లెక్కలోకి తీసుకోదు. AB ని వదిలేసి మిగతా అయిదింటిలో కనిష్ఠం 79 అని చెప్పింది, 79 అంటే 35 కంటే ఎక్కువే కదా. సరే, ఒక్కో సబ్జెక్టునూ దాని పాస్ మార్కుతో పోలుద్దామని చాలామంది `D8<D$1` అని రాస్తారు. అదీ మోసం చేస్తుంది. ఎక్సెల్ లెక్కలో ఏ అక్షరమైనా ఏ అంకె కంటేనైనా పెద్దదే. AB అనేది 20 కంటే తక్కువా అని అడిగితే కాదంటుంది, 100 కంటే ఎక్కువా అని అడిగితే అవునంటుంది. ఒక ఖాళీ గడిలో `="AB">100` అని వేసి చూడండి, TRUE అని వస్తుంది. అందుకే తప్పిన సబ్జెక్టులు లెక్కపెట్టకూడదు, పాసైనవే లెక్కపెట్టాలి. అదీ ఆ గడిలో ఉన్నది అంకె అని తేలాకే.

నేను వాడే అమరిక ఇది. మొత్తం పక్కన J లో పాసైన సబ్జెక్టుల సంఖ్య, K లో ఫలితం, L లో ర్యాంకుకు ఆధారమయ్యే అంకె, M లో ర్యాంకు. మూడో వరుసలో I, J, K లకు సూత్రాలు వరుసగా ఇవి:

```
=SUM(C3:H3)
=SUMPRODUCT(ISNUMBER(C3:H3)*(C3:H3>=C$1:H$1))
=IF(J3=6,"పాస్","ఫెయిల్")
```

రెండో సూత్రాన్ని గోపి వరుసలో నడిపి చూద్దాం. ఆరు గడుల్లో అంకె ఉందా అన్న ప్రశ్నకు జవాబులు 1, 0, 1, 1, 1, 1. పాస్ మార్కు దాటిందా అన్నదానికి 1, 1, 1, 1, 1, 1, ఎందుకంటే AB కూడా దాటిందనే చెబుతుంది. రెండు జవాబులనూ ఒకదానితో ఒకటి గుణిస్తే హిందీ దగ్గర సున్నా, మొత్తం 5. ఆరు కాలేదు కాబట్టి ఫెయిల్. చందనకు లెక్కల దగ్గర రెండో జవాబు సున్నా, ఆమెకూ 5. ఫాతిమా హిందీలో 24 ను ఇప్పుడు D1 లోని 20 తో పోలుస్తున్నాం కనుక ఆమెకు 6. మార్కు వేయడం మరిచిపోయిన ఖాళీ గడి కూడా అంకె కాదు కాబట్టి అదీ ఫెయిల్‌గానే బయటపడుతుంది.

J వరుసతో ఇంకో లాభం ఉంది. 5 ఉన్నవాళ్ళంతా ఒకే సబ్జెక్టు దగ్గర ఆగినవాళ్ళు. ప్రీఫైనల్ తరువాత ప్రత్యేక తరగతులకు జాబితా కావాలంటే ఆ అంకె మీద ఫిల్టర్ పెడితే చాలు. అంతకంటే ముఖ్యంగా, ర్యాంకు సూత్రంలో "పాస్" అనే మాటను కాకుండా J ని నమ్ముకోండి. ఎవరో K లో చేత్తో "పాస్" అని దిద్ది చివర ఒక ఖాళీ వదిలారంటే ఆ రెండు మాటలు కంటికి ఒకటే, ఎక్సెల్‌కు వేరు.

ఇక ర్యాంకు. దీనికి పెద్ద సూత్రాలు తిరుగుతుంటాయి కానీ అవసరం లేదు. `RANK` తన పరిధిలో అంకె కాని గడులను పట్టించుకోదు. కాబట్టి తప్పినవాళ్ళ గడిని ఖాళీగా చూపితే వాళ్ళు పోటీలోనే ఉండరు. L3, M3 లలో ఇవి వేసి కిందికి లాగండి:

```
=IF(J3=6,I3,"")
=IF(L3="","",RANK(L3,L$3:L$44))
```

అనూష 1, భరత్ 1, దినేష్ 3, ఫాతిమా 4. చందన, గోపి గడులు ఖాళీ. వాళ్ళ మొత్తాలు I లో అలాగే ఉంటాయి, అవి చెరిపేయాల్సిన పని లేదు. తల్లిదండ్రులు మొత్తం అడుగుతారు, ర్యాంకు ఎందుకు లేదో ఫలితం వరుస చెబుతుంది.

ఇప్పుడు 530 దగ్గరికి వద్దాం. సమానమైనవాళ్ళతో ఏం చేయాలన్నదానికి మూడు పద్ధతులు వాడుకలో ఉన్నాయి. పైన వచ్చింది మొదటిది: ఇద్దరికీ ఒకటి, తరువాతివాడికి మూడు. దినేష్ కంటే ముందు ఇద్దరున్నారు కాబట్టి అతనిది మూడో స్థానం, లెక్క నిజాయతీగా ఉంటుంది. రెండోది: ఇద్దరికీ ఒకటి, తరువాతివాడికి రెండు, అంకెల్లో ఖాళీ రాదు. మూడోది: ఏదో ఒక సబ్జెక్టు మార్కులు చూసి ఇద్దరినీ విడదీయడం.

మొదటి రెండింటికీ తేడా కాగితం మీద చిన్నదే కానీ వేదిక మీద పెద్దది. ఒక బడిలో నేను పరీక్షల పని చూస్తున్నప్పుడు మొదటి, రెండో, మూడో ర్యాంకులకు షీల్డులని ప్రకటించి మూడే చేయించారు. జాబితా రెండో పద్ధతిలో తయారైంది. ఇద్దరు ఒకటో ర్యాంకు, ఒకరు రెండు, ఒకరు మూడు, వెరసి నలుగురు పిల్లలు వేదిక ఎక్కారు. నాలుగో అమ్మాయికి అప్పటికప్పుడు ఒక పెన్ను పెట్టె ఇచ్చి చప్పట్లు కొట్టించారు. ఆమె ముఖం నాకింకా గుర్తే. మొదటి పద్ధతిలో అయితే మూడో ర్యాంకు రెండో ర్యాంకు అమ్మాయిదే అయ్యేది, రెండు అనే ర్యాంకే ఉండేది కాదు, ముగ్గురికి మూడు షీల్డులు సరిపోయేవి. అయితే అప్పుడు షీల్డు మీద "రెండవ" అని చెక్కించకుండా ఉండాలి. ఏ పద్ధతైనా షీల్డులకు ఆర్డరు ఇచ్చేముందే తేలాలని చెప్పడానికే ఇదంతా.

రెండో పద్ధతే కావాలని పట్టుబడితే M3 లో ఇది:

```
=IF(L3="","",SUMPRODUCT((L$3:L$44<>"")*(L$3:L$44>L3)
 /(COUNTIF(L$3:L$44,L$3:L$44)+(L$3:L$44="")))+1)
```

ఇది నాకంటే ఎక్కువ మొత్తాలు ఎన్ని రకాలు ఉన్నాయో లెక్కపెడుతుంది. 530 రెండుసార్లు ఉంది కాబట్టి ఒక్కోదాన్ని సగంగా లెక్కేస్తుంది, రెండు సగాలూ కలిసి ఒకటి. దానికి ఒకటి కలిపితే దినేష్‌కు రెండు. మొదట్లో ఉన్న `<>""` ను పొరపాటున తీసేయకండి. ఖాళీగా కనిపించే L గడుల్లో ఉన్నది కూడా అక్షరమే, అక్షరం ఏ అంకె కంటేనైనా పెద్దదని గోపి దగ్గర చూశాం కదా. అది తీసేస్తే తప్పినవాళ్ళంతా అందరికంటే పైన ఉన్నట్టు లెక్కవుతుంది.

మూడో పద్ధతికి ముందు ఒక మాట. విడదీసే నియమం పరీక్షకు ముందే చెప్పి ఉండాలి. నీట్‌లో మార్కులు సమానమైతే మొదట జీవశాస్త్రం, తరువాత రసాయనశాస్త్రం చూస్తారు. ఆ క్రమం పరీక్షకు ముందే సమాచార పత్రంలో ఉంటుంది. మార్కులు వచ్చాక పేర్లు చూసి "లెక్కలు చూద్దాం" అనడం వేరు. మీ పట్టికలో లెక్కలు చూస్తే భరత్ ముందు, తెలుగు చూస్తే అనూష ముందు. ఏ సబ్జెక్టు ఎంచుకున్నా ఒకరి పక్షాన మొగ్గినట్టే ఉంటుంది. బడి స్థాయి ప్రీఫైనల్‌కు ఇద్దరికీ ఒకటో ర్యాంకు ఇచ్చేయడమే నా ఓటు.

నియమం ముందే ఉందనుకుందాం: మొదట లెక్కలు, అదీ సమానమైతే సైన్సు. చాలామంది మొత్తానికి `F3/100` కలిపేస్తారు. లెక్కల్లో నూరుకు నూరు వచ్చినవాడికి దాంతో నిండు మార్కు ఒకటి కలిసిపోతుంది. మొత్తం 529, లెక్కల్లో 100 ఉన్నవాడి అంకె 530 అయిపోయి, అసలు మొత్తం ఎంతో దాన్ని చూస్తే తెలియకుండా పోతుంది. దశాంశాల జోలికి పోకుండా మూడు అంకెల చొప్పున పక్కపక్కన పేర్చడం నయం. L3 లో:

```
=IF(J3=6,I3*1000000+F3*1000+G3,"")
```

భరత్‌కు 530097093, అనూషకు 530091088 వస్తాయి. ఎడమ నుంచి చదవండి: మొదటి మూడు అంకెలు మొత్తం, తరువాతి మూడు లెక్కలు, చివరి మూడు సైన్సు. ఎవరైనా వచ్చి మా వాడికి రెండో ర్యాంకు ఎందుకని అడిగితే ఆ అంకెనే చూపించి చెప్పవచ్చు. M లోని మామూలు `RANK` సూత్రాన్ని ముట్టుకోనక్కర్లేదు. భరత్ 1, అనూష 2, దినేష్ 3, ఫాతిమా 4. లెక్కలు, సైన్సు కూడా సమానమైతే ఇద్దరికీ ఒకే ర్యాంకు వస్తుంది, అక్కడితో వదిలేయండి.

ఇంకొక్క చిక్కు. అది మీకు ఈసారి రాకపోయినా వార్షిక ఫలితాలప్పుడు వస్తుంది. ఫార్మేటివ్ పరీక్షల సగటు, కుదించిన మార్కులు కలిపితే గడిలో 34.6 లాంటి అంకెలు చేరతాయి. దశాంశాలు కనబడకుండా పెట్టుకుంటే తెర మీద 35 అని చూపిస్తుంది, లోపల మాత్రం 34.6 ఉంటుంది. పిల్లవాడికి 35 వచ్చి కూడా ఫెయిల్ ఏమిటని గొడవ. మొత్తాల్లోనూ ఇంతే. ఇద్దరికీ 530 అని కనిపిస్తుంది, ఒకరికి ఒకటి, ఇంకొకరికి రెండు ర్యాంకు పడుతుంది, ఎందుకంటే రెండోవారిది 529.6. గడి మీద నిలబడి చూపు ఫార్ములా పట్టీ మీద వేసినా అక్కడ సూత్రమే కనిపిస్తుంది. కాసేపు దశాంశాలు పెంచి చూడండి, అసలు అంకె బయటపడుతుంది. మార్కు తయారయ్యే చోటే `ROUND` పెట్టాలి, ఉదాహరణకు `=ROUND(AVERAGE(P3:S3),0)`. మొత్తం దగ్గర పెడితే పాస్ లెక్కకు అందదు.

చివరగా, ప్రింటు తీసేముందు నేను తప్పకుండా వేసే రెండు లెక్కలు, పట్టిక కింద ఎక్కడైనా సరే:

```
=COUNT(C3:H44)+COUNTIF(C3:H44,"AB")
=COUNT(M3:M44)=COUNTIF(J3:J44,6)
```

మొదటిది 252 రావాలి, 42 మందికి ఆరేసి సబ్జెక్టులు. 251 వస్తే ఒక గడి ఖాళీగా ఉంది, లేదా అంకెలా కనిపించే అక్షరం ఉంది. సబ్జెక్టు టీచర్లు పంపిన ఫైళ్ళలోంచి కాపీ చేసిన మార్కుల్లో ఇది తరచూ జరుగుతుంది. 78 అని కనిపిస్తుంది కానీ గడిలో ఎడమవైపు అతుక్కుని ఉంటుంది, అసలైన అంకె అయితే కుడివైపు ఉంటుంది. `SUM` దాన్ని కలపదు, మొత్తం 78 తగ్గిపోతుంది, J లో ఒకటి తగ్గి పిల్లవాడు ఫెయిలవుతాడు. ఆ సబ్జెక్టు నిలువు వరుస మొత్తాన్ని ఎంచుకుని Data లో Text to Columns తెరిచి ఏమీ మార్చకుండా Finish నొక్కితే మామూలుగా అంకెలుగా మారిపోతాయి. ఆబ్సెంట్‌కు కొందరు AB, కొందరు A, కొందరు గీత పెట్టినా ఈ లెక్క తప్పుతుంది, అందుకే అందరినీ AB అనే రాయమనండి. సున్నా మాత్రం వేయనివ్వకండి, పరీక్ష రాసి సున్నా తెచ్చుకున్నవాడికీ రాయనివాడికీ తేడా తెలియకుండా పోతుంది.

రెండోది TRUE అని రావాలి. ర్యాంకు పడినవాళ్ళ సంఖ్య, ఆరింటిలోనూ పాసైనవాళ్ళ సంఖ్య ఒకటేనా అని అది చూస్తుంది. FALSE వచ్చిందంటే M లో ఎక్కడో ఎవరో సూత్రం మీద చేత్తో అంకె వేశారు, లేదా లాగడం 43వ వరుస దగ్గరే ఆగిపోయింది.